ఆఫీసులో ఎంక్వయిరీ నడుస్తుంటే సాక్షికి, ఆరోపణ పడ్డవాళ్ళకు తోడుండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ప్రైవేటు ఆఫీసుల్లో లైంగిక వేధింపు ఫిర్యాదుల మీద ఎంక్వయిరీ నడిచినప్పుడు, సాక్షులకో, ఆరోపణ ఎదుర్కొంటున్నవారికో తోడు మనిషిగా కొన్నిసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడి మాటలన్నీ పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం కింద ఆఫీసు అంతర్గత కమిటీ చేసే విచారణకు సంబంధించినవి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఈ కమిటీ ఉండాలి. పోలీసు కేసు దారి వేరు. ఫిర్యాదు చేసిన మహిళకు ఇచ్చే తోడు గురించి విడిగా రాయాలి, దాన్ని ఇందులో కలపలేదు.

## తోడు మనిషిని పెట్టేటప్పుడు

కమిటీ ఉన్నది కదా, మళ్ళ తోడుకు ఇంకొకరెందుకు?

కమిటీ పని నిజం తేల్చడం. సాక్షి చేతులు వణుకుతుంటే వాళ్ళు మంచినీళ్ళు ఇవ్వగలరు, పది నిమిషాలు ఆగగలరు, అంతకు మించి ఓదార్చలేరు. ఓదార్చడం మొదలుపెడితే రేపు రెండోవైపు వాళ్ళు "మేడమ్ ముందే ఆమె దిక్కు మాట్లాడింది" అంటారు. ఆ మాట తీసిపారేయడానికి కూడా లేదు. అందుకే విచారణతో ఏ సంబంధమూ లేని మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మనిషికి నిర్ణయంలో ఓటు ఉండకూడదు, ఫైలు చూసే వీలు ఉండకూడదు, నివేదిక ఎటు తిరిగినా తన ఉద్యోగంలో ఏమీ మారకూడదు. తోడు మనిషిని పెట్టాలని చట్టం ఎక్కడా చెప్పలేదు, పెట్టవద్దనీ అనలేదు. మేనేజ్‌మెంట్ ఒక చిన్న ఉత్తరం ఇచ్చి పెట్టుకోవచ్చు.

ఆరోపణ పడ్డోనికి తోడుంటే ఆయన దిక్కున్నట్టే కదా?

ఈ మాట నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. క్యాంటీన్‌లో ఆయనతో చాయ్ తాగితే చాలు, సాయంత్రానికి నేను "ఆయన మనిషి" అయిపోయాను. తప్పు నాదే, చాయ్ అక్కడ తాగకుండా ఉండాల్సింది. ఇప్పుడు తలుపున్న గదిలో, ముందే చెప్పిన టైముకు, అరగంట మాత్రమే కలుస్తాను. సాక్షిని కలిసే తోడు మనిషి కూడా సరిగ్గా అదే పద్ధతి పాటించాలి.

ఒకరి దిక్కు ఉండటం అంటే వాళ్ళు చెప్పే కథ నిజమని ఒప్పుకోవడం. తోడుండటంలో ఆ కథ జోలికే వెళ్ళం. నిద్ర, తిండి, భయం, రేపటి హియరింగ్‌కు ఎట్లా వెళ్ళాలి, ఇంట్లో ఎవరున్నారు అన్నంతవరకే మన మాట. తప్పు చేసినవాడికైనా, చేయనివాడికైనా నోటీసు చేతికొచ్చిన రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టలేదన్న సంగతి ఏ నేరానికీ రుజువు కాదు, నిర్దోషిత్వానికీ కాదు.

పిలుపులో కూడా జాగ్రత్త కావాలి. "నిందితుడు" అంటే మన చెవులకు పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది. చట్టం వాడే మాట ప్రతివాది. నేను మాత్రం మనిషిని మామూలుగా ఎట్లా పిలుస్తానో అట్లాగే సార్ అనో, అన్నా అనో పిలుస్తాను.

మా బ్రాంచీల పదిహేను మందే ఉన్నం. ఒక్కరే ఇద్దరికీ తోడుండొచ్చా?

వద్దు. ఎంత గట్టి మనిషైనా, పొద్దున సాక్షి కన్నీళ్ళు చూసి మధ్యాహ్నం ఆరోపణ పడ్డాయన ముందు కూర్చుంటే ముఖంలో ఏదో ఒకటి కనిపిస్తుంది. "ఆమె ఏమన్నది?" అని ఆయన అడగకపోయినా కళ్ళతో వెతుకుతాడు. బ్రాంచి చిన్నదైతే ఇంకో బ్రాంచి నుంచి ఒకరిని ఫోన్ మీద పెట్టండి. ఇద్దరు తోడు మనుషులూ ఎంక్వయిరీ ముగిసేదాకా దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు.

## నోటీసు అందిన తొలి రోజుల్లో

నోటీసు చూసినప్పటి నుంచి సార్ అన్నం తింటలేడు. ఏం మాట్లాడాలె?

ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో కమిటీ దాని కాపీని ప్రతివాదికి పంపాలి. అది అందాక 10 పనిదినాల్లో ఆయన జవాబు, తన దగ్గరున్న కాగితాలు, తన సాక్షుల పేర్లు ఇవ్వాలి. నేను చూసినంతలో మనిషి ఎక్కువగా కూలబడేది ఈ పది రోజుల్లోనే. కాపీలో తన పేరు, తారీఖు, తాను అన్నట్టు రాసిన మాటలు కనిపిస్తాయి. దాన్ని రోజుకు ఇరవైసార్లు చదువుతాడు.

మొదట గడువును కళ్ళ ముందు పెట్టండి. క్యాలెండర్ తీసి, కాపీ అందిన రోజు మీద ఒక గుండ్రం, జవాబు ఇవ్వాల్సిన రోజు మీద ఇంకో గుండ్రం చుట్టించండి. "రేపే ఉద్యోగం పోతది" అన్న భయం కొంచెం నెమ్మదిస్తుంది. తర్వాత అడగాల్సినవి చిన్న ప్రశ్నలే: రాత్రి ఎన్నింటికి పడుకున్నరు, పొద్దున్నుంచి ఏం తిన్నరు, ఇంట్ల ఈ సంగతి ఎవరికన్నా తెలుసా.

జవాబు రాయడంలో చెయ్యి పెట్టకండి. ఒక్క వాక్యం దిద్దినా మీరు ఆయన తరఫున పనిచేసినట్టే. రాయడానికి ఆయన బయట వకీలు సలహా తీసుకోవచ్చు. కమిటీ ముందు మాత్రం వకీలు ఎవరి తరఫునా హాజరు కావడానికి లేదు, ఆ నియమం రెండు వైపులకూ ఒకటే.

"మీరు అసుంటోళ్ళు కాదని నాకెరుక" అనే మాట నాలుక చివరదాకా వస్తుంది. పదేళ్ళు కలిసి పనిచేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే రాకుండా ఉండదు. అది మింగండి. దాని బదులు "ఈ వారం మీకు కష్టంగ ఉన్నట్టు కనబడుతున్నది" అంటే చాలు.

జరిగిందంతా చెప్పుకుంట ఏడుస్తున్నడు. వినాల్నా, ఆపాల్నా?

ఏడుపును ఆపకండి, కథను ఆపండి. మొదటిసారి కలిసినప్పుడే ఈ ముక్క చెప్పి ఉంటే పని సులువు: "సార్, ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పకండి. మీరు చెప్తే రేపు కమిటీ నన్నే సాక్షిగ పిలవొచ్చు. అప్పుడు నేను దాచలేను." ఇది బెదిరింపు కాదు, ఉన్న మాటే. ఎవరినైనా పిలిపించి ప్రమాణం మీద విచారించడంలో కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారం ఉంది. వకీలుతో చెప్పుకున్న మాటలకు చట్టంలో రక్షణ ఉంది, ఆఫీసులో తోడు మనిషితో చెప్పుకున్నవాటికి ఆ రక్షణ లేదు.

అయినా మాట జారితే "అది జవాబులో రాయండి, నాకొద్దు" అని మెల్లగా పక్కకు తిప్పండి. విపత్తుల్లో ఇచ్చే మానసిక ప్రథమ చికిత్సలో కూడా ఇదే నియమం ఉంది: జరిగింది చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. కథంతా కక్కిస్తే గుండె తేలికవుతుందని మన పెద్దల నమ్మకం. ఎంక్వయిరీ నడుస్తున్నప్పుడు అది ఎదురు తిరుగుతుంది. చెప్పినకొద్దీ కథ మెరుగులు దిద్దుకుంటుంది, చెప్పినవాడికే ఏది అసలుదో తెలియకుండా పోతుంది.

"చచ్చిపోత" అంటున్నడు. బెదిరిస్తున్నడా, నిజంగనా?

అది తేల్చే పని మీది కాదు, ప్రతిసారీ నిజమనే అనుకోండి. సూటిగా అడగండి: "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తున్నదా? ఎట్ల చేసుకోవాలె అని అనుకున్నరా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎట్లా, ఎక్కడ, ఎప్పుడు అన్నవాటికి జవాబులు దొరికితే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

మన దిక్కు ఒక సంగతి ప్రత్యేకంగా చూడాలి. టౌన్‌లో ఉద్యోగం చేసేవాళ్ళలో చాలామందికి ఊళ్ళో చేను ఉంటుంది. మనసు బాగలేదని ఊరికి పోతారు. అక్కడ పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లోనో కొట్టంలోనో చేతికందే చోట ఉంటుంది. ఒకసారి అట్లా ఊరికి బయలుదేరిన మనిషి అన్నకు, ఆయన ఒప్పుకున్నాకే, నేను ఫోన్ చేశాను. ఎంక్వయిరీ సంగతి ఎత్తలేదు. "తమ్ముని మనసు బాగలేదు, మందు డబ్బాలు వేరే ఇంట్ల పెట్టు, రాత్రి పక్కన పండుకో" అని మాత్రమే చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. ఒప్పుకోకపోయినా, ప్రాణం మీదికొచ్చే సూచన కనిపిస్తే ఫోన్ చేసేదాన్నే. అంతవరకు చెప్తానని మొదటి రోజే చెప్పి ఉంచుతాను.

టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టాల్సిన పని లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ముందే డయల్ చేయించండి. పరిస్థితి చేయి దాటితే నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

ఇంకొక మాట. ఆయన "చచ్చిపోత" అన్న సంగతి ఫిర్యాదు చేసినామె చెవిన పడనివ్వకండి. ఆ ఒక్క వాక్యం ఆమె ఫిర్యాదును వెనక్కి తీసుకునేలా చేయగలదు. అప్పుడు మీకు తెలియకుండానే పక్షం పట్టినట్టవుతుంది.

"సారీ చెప్త, మీరు మధ్యల మాట్లాడుండ్రి" అంటున్నడు. మంచిదే కదా?

మనకు పంచాయితీ అలవాటు. పెద్దమనిషి ఇద్దరినీ కూర్చోబెట్టి తెగ్గొడితే మేలని అనిపిస్తుంది. ఇక్కడ అది కుదరదు. రాజీకి చట్టంలో దారి ఉంది, అయితే విచారణ మొదలుకాకముందు, ఫిర్యాదు చేసిన మహిళ తానుగా కోరితేనే కమిటీ ఆ దారి పట్టాలి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం రాజీకి ఆధారం కాకూడదు. తోడు మనిషి మోసే కబురు ఎంత మెత్తగా ఉన్నా ఆమె మీద ఒత్తిడే అవుతుంది. "నేను మోయను సార్, మీరు కూడ ఆమెకు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి. చెప్పేదేమున్నా కమిటీకి రాతపూర్వకంగ ఇవ్వండి" అని అక్కడే ముగించండి.

## సాక్షిని పిలిచినప్పుడు

నేను చూసింది సగమే. ఏమన్న తప్పు చెప్తే నా మీదనే కేసైతదా?

అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్టు, దొంగ కాగితం పెట్టినట్టు కమిటీ తేల్చితే ఆ సాక్షి మీద చర్యకు సిఫారసు చేయవచ్చు. ఇది చట్టంలో ఉంది. ఎవరో ఒకరు దీన్ని సాక్షి చెవిలో వేసి బెదిరిస్తారు కూడా. గుర్తులేకపోవడం, సగమే చూడటం, తారీఖు తడబడటం అబద్ధం కిందికి రావు. "గుర్తులేదు", "నాకు కనబడలేదు", "నేను విన్నదే గని చూసింది కాదు" అనేవి కూడా పూర్తి జవాబులే. ఈ మూడు వాక్యాలు వాడొచ్చని తెలిసిన సాక్షికి భయం చాలా వరకు తగ్గుతుంది. ఖాళీలను పూరించి కమిటీని మెప్పించాలని చూసినప్పుడే చిక్కొస్తుంది.

నాతోపాటు ఇంకొకామె కూడ సాక్షి. ఇద్దరం ఒకసారి మాట్లాడుకుంటే ధైర్యంగ ఉంటది కదా?

ధైర్యం వస్తుంది, జ్ఞాపకం పాడవుతుంది. ఒకే సంఘటన చూసిన ఇద్దరు దాని గురించి మాట్లాడుకుంటే, ఒకరు చూసిన వివరం ఇంకొకరి జ్ఞాపకంలోకి చేరి తాను చూసిందే అనిపిస్తుంది. ఇది అబద్ధమాడటం కాదు, మనసు పనిచేసే తీరే అంత. ఇద్దరి స్టేట్‌మెంట్లలో ఒకే అరుదైన మాట కనిపిస్తే కమిటీ అనుమానిస్తుంది, అప్పుడు నిజంగా చూసిన దానికీ విలువ తగ్గుతుంది. ఇద్దరూ కలిసి టిఫిన్ చేయొచ్చు, ఒకే ఆటోలో పోవచ్చు. ఆ ఒక్క రోజు సంగతి మాత్రం ఎత్తొద్దు.

ఎవరి మీద సాక్ష్యం చెప్తున్ననో ఆయనే నా లీవు మీద సంతకం పెట్టాలె. నా గతేంది?

ఈ భయం ఊహ కాదు. ఇక్కడ చట్టంలో ఒక ఖాళీ ఉంది. విచారణ నడుస్తున్నప్పుడు ఫిర్యాదు చేసిన మహిళ రాసి అడిగితే ఆమెనో, ప్రతివాదినో బదిలీ చేయమని, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని, ఆమె పనితీరు మీద ఆయన రిపోర్టు రాయకుండా చూడమని కమిటీ సిఫారసు చేయవచ్చు. సాక్షి పేరు ఆ సెక్షన్‌లో లేదు.

అందుకని సాక్షి తానే ఒక చిన్న అర్జీ ఇవ్వాలి: "ఎంక్వయిరీ ముగిసేదాకా నా సెలవులు, షిఫ్టులు, అప్రైజల్ వేరే అధికారి చూడాలని కోరుతున్నాను." కారణం వివరించాల్సిన పని లేదు. కమిటీ దాన్ని మేనేజ్‌మెంట్‌కు పంపితే మామూలు ఆఫీసు ఆర్డరుతో అయిపోతుంది. నేను చూసిన రెండుచోట్ల వారం లోపే అయింది, ఇంకోచోట అసలే కాలేదు. కాకపోతే కనీసం ఆ అర్జీకి అందినట్టు సంతకం తీసుకొని ఉంచుకోవాలి. తర్వాత సెలవు తిరస్కరించినా, షిఫ్టు మార్చినా ఆ తారీఖు పనికొస్తుంది.

కమిటీ ముందటికి తోడు మనిషి లోపలికి రావొచ్చా?

కమిటీ ఒప్పుకుంటేనే. చాలా కమిటీలు బయటి గదిలో కూర్చోమంటాయి, నాకూ అదే మేలనిపిస్తుంది. లోపల ఉంటే సాక్షి ప్రతి జవాబుకూ ముందు మీ ముఖం చూస్తుంది. మీరు తల ఊపకపోయినా, ఊపారని ఎవరో ఒకరు రాయిస్తారు.

ఒక సాక్షికి మొదటి నుంచి ఎట్ల తోడున్నరో చెప్తరా?

మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తున్నాను. హనుమకొండలో ఒక ఫైనాన్స్ ఆఫీసు. జనగామ నుంచి రోజూ రైల్లో కాజీపేటకు వచ్చిపోయే క్యాషియర్ అమ్మాయి. ఆమె చూసింది ఇంతే: అద్దం అవతల మేనేజర్ గది తలుపు తెరుచుకుంది, తోటి ఉద్యోగిని బయటికి వచ్చి బాటిల్ ఎత్తి నీళ్ళు తాగింది, మూత పెట్టబోతే చెయ్యి వణికి మూత కింద పడింది. లోపలి మాటలు వినపడలేదు.

పిలుపు వచ్చిన నాటికి సంఘటన జరిగి ఆరు వారాలైంది. ఈలోగా ఆఫీసులో రకరకాలుగా చెప్పుకున్నారు. మొదటిసారి కలిసినప్పుడు ఆ అమ్మాయి అన్న మాట: "అక్కా, సార్ చెయ్యి పట్టుకున్నట్టు నాకు కండ్లకు కనబడుతున్నది. గని నిజంగ చూసిన్ననా అని రాత్రి డౌటొస్తున్నది."

నేను వివరం అడగలేదు. ఒకటే చెప్పాను: "ఇంటికి పోయినంక తెల్లకాగితం మధ్యల గీత కొట్టు. ఒక దిక్కు నీ కండ్లతోటి చూసింది, ఇంకో దిక్కు తర్వాత వేరేటోళ్ళ నోట విన్నది రాసుకో. ఎవ్వరినీ అడగకు. రాసిన తారీఖు వెయ్యి. నాకు చూపించకు." మర్నాడు వచ్చి "రాసిన అక్కా, చిన్నగయ్యింది" అన్నది. మొదటి దిక్కు నాలుగు లైన్లే మిగిలినట్టు నవ్వుతూ వేళ్ళు చూపించింది. మూడు రోజులుగా లేని నవ్వు అప్పుడు వచ్చింది. కమిటీ అడిగితే కాగితం రాసుకున్న సంగతి దాచొద్దని మాత్రం చెప్పాను.

ఆమె అసలు దిగులు ఇంకోటి. హియరింగ్ సాయంత్రం నాలుగింటికి పెట్టారు. ఆలస్యమైతే బండి తప్పుతుంది, ఇంట్లో ఎందుకని అడుగుతారు. భయపడుతున్నదని అందరూ అనుకున్నారు గాని ఆమె చూస్తున్నది గడియారం వైపు. కమిటీకి రాసి ఇస్తే పొద్దున పదకొండుకు మార్చారు. సగం బరువు అక్కడే దిగింది.

ముందురోజు గది ఎట్లా ఉంటుందో చెప్పాను. కనీసం ముగ్గురు సభ్యులు కూర్చుంటారు, వాళ్ళలో అధ్యక్షురాలు ఒకరు. అడిగింది, చెప్పింది రాస్తారు. రాసింది నీకు చదవనిస్తారు. తేడా ఉంటే దిద్దించాకే సంతకం పెట్టు, అన్ని పేజీల మీద పెట్టు. ఏం చెప్పాలో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

లోపల నలభై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక మాట్లాడలేదు, గోడకు ఆనుకొని నిలబడింది. అప్పుడు నేను చేసిన పొరపాటు ఇది: భుజం తట్టి "మంచిగ చెప్పినవ్" అన్నాను. ఏం చెప్పిందో నాకు తెలియదు, అయినా అన్నాను. పక్కనుంచి పోతున్న అటెండర్ విన్నాడు. సాయంత్రానికి "ఆ అమ్మాయి సార్‌కు వ్యతిరేకంగ చెప్పిందట, మేడమ్ మెచ్చుకున్నదట" అని తేలింది. మెచ్చుకోవడం కూడా పక్షమేనని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు "అయిపోయింది, దా కూర్చో, నీళ్ళు తాగు" అంటాను. జరిగిన పొరపాటు రాసి కమిటీకి ఇచ్చాను.

నాలుగు రోజుల తర్వాత "ఆయన పిల్లలు చిన్నోళ్ళు అక్కా, కడుపు కొట్టినట్టయింది" అని ఏడ్చింది. మంచి పనే చేశావని అనలేదు, ఆయన అంతకు తగ్గవాడేననీ అనలేదు. "నువ్వు చూసింది చెప్పినవ్. ఏం చెయ్యాలె అనేది నిన్నెవరు అడగలేదు, అది కమిటీ మోయాల్సిన బరువు" అన్నాను. ఆఫీసులో బతుకమ్మ ఆడిన రోజు ఆమె సెలవు పెట్టింది. రెండు దిక్కుల వాళ్ళ మధ్య చప్పట్లు కొట్టుకుంటూ తిరగడం తన వల్ల కాదన్నది. సద్దుల నాడు వాళ్ళ వాడకట్టులోనే ఆడుకున్నదట. రమ్మని ఎవరూ ఒత్తిడి చేయకుండా చూడటమే ఆ వారం నేను చేసిన తోడు.

## ఎదురుచూపులో

రెండు నెలలైంది, ఏ కబురు లేదు. మీరన్న అడిగి చెప్పరాదు?

విచారణ 90 రోజుల్లో ముగించాలి, ముగిశాక 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఈ లెక్క చెప్పగలను. లోపల ఏం నడుస్తున్నదో అడగను. ఒక్కసారి అడిగి తెచ్చినా, నాకు ఫైలుతో సంబంధం లేదన్న మాట అబద్ధమైపోతుంది. వారానికో రోజు, ఒకే టైముకు, కబురున్నా లేకున్నా కలవడం పెట్టుకోండి. ఆరోపణ పడ్డవాళ్ళు ఈ దశలో విసిగి హియరింగ్‌కు పోవడం మానేస్తారు. సరైన కారణం లేకుండా వరుసగా మూడుసార్లు రాకపోతే, 15 రోజుల నోటీసు ఇచ్చి ఆయన లేకుండానే కమిటీ నిర్ణయానికి రావచ్చు. ఇది గుర్తుచేయడం పక్షం కాదు, ఫిర్యాదు చేసినామె రాకపోయినా అదే నియమం.

ఇంట్ల చెప్పొచ్చా? భార్య రోజు అడుగుతున్నది.

ఫిర్యాదిదారు, ప్రతివాది, సాక్షులు ఎవరన్నదీ, విచారణలో ఏముందన్నదీ జనానికి, పత్రికలకు, మీడియాకు తెలియనివ్వకూడదని చట్టం. ఇంటి మనిషితో "ఆఫీసుల ఎంక్వయిరీ ఉంది, మనసు బాగలేదు" అని చెప్పుకోవచ్చు. పేర్లు, కాగితాలు, ఫోటోలు గడప దాటొద్దు. భార్య తమ్ముడికి, తమ్ముడు వాట్సాప్ గ్రూపుకు పంపితే గంటలో కాజీపేటంతా తెలుస్తుంది. డాక్టర్‌కు తన ఒంటి సంగతి, మనసు సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

మీ నోట్‌బుక్కుల ఏం రాసుకుంటున్నరు?

తారీఖు, ఎంతసేపు కలిశాం, ఏ నంబరు ఇచ్చాను, డాక్టర్ దగ్గరికి పోయారా. అంతే. వాయిస్ మెసేజీలు పంపనివ్వను. పంపితే వినకుండానే "ఇది తీసెయ్యండి, రేపు కలిసినప్పుడు మాట్లాడుదాం" అని జవాబిస్తాను.

## రిపోర్టు వచ్చినంక

సాక్షికి రిజల్ట్ ఎవరు చెప్తరు?

నివేదిక కాపీ ఫిర్యాదిదారుకు, ప్రతివాదికి అందుతుంది. సాక్షికి అందదు. రెండు నెలలు నిద్ర పోగొట్టుకున్న మనిషికి చివరికి ఏమైందో ఎవరూ చెప్పరు. ఇది మొదటి రోజే చెప్పకపోతే ఆ రోజు చాలా కోపం వస్తుంది, వాళ్ళ కోపం న్యాయమే. "నీ పని ముగిసింది, ఇక పిలవం" అని కమిటీ నుంచి ఒక్క లైను ఉత్తరం ఇప్పించమని నేను అడుగుతుంటాను. ఖర్చు లేని పని, అయినా ఎవరికీ తట్టదు.

ఆరోపణ రుజువు కాలేదట. ఇగ సార్‌కు కేకు కట్ చేద్దామా?

వద్దు. రుజువు కాలేదంటే చర్య అవసరం లేదని కమిటీ చెప్పిందని అర్థం. ఆమె అబద్ధమాడిందని కాదు. రుజువులు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదిదారు మీద చర్య తీసుకోనక్కరలేదని చట్టమే చెప్తుంది. కేకు మీద వెలిగించిన కొవ్వొత్తి ఆమెకు, సాక్షులకు ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆయనకు నిజంగా కావాల్సింది వేరు: పాత సీటు, పాత పని, మామూలుగా పలకరించే మనుషులు. మొదటి వారం మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తెరిచినప్పుడు పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు.

రుజువైంది, ఉద్యోగం పోయింది. ఇంక కూడ ఆయనకు తోడుండాల్నా?

నిర్ణయం చేతికొచ్చిన మొదటి రెండు మూడు రోజులు తప్పకుండా. "చచ్చిపోత" అనే మాట ఎక్కువగా వినిపించేది అప్పుడే. 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చన్న సంగతి చెప్పండి, అప్పీలు చేయమని గాని వద్దని గాని అనొద్దు. ఇంటి మనుషులకో, డాక్టర్‌కో అప్పజెప్పాక మీ పని మెల్లగా ముగించండి. చివరిసారి ఎప్పుడు కలుస్తానో ఆ తారీఖు నేను ముందే చెప్తాను. ఆ తర్వాత రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే ఎత్తుతాను, 14416 చెప్పి, ఆయన ఇంటి మనిషికి ఫోన్ కలుపుతాను.